34 స్లైడ్లు, 41 రోజులు: నా టాక్‌ని వ్యాసంగా మార్చిన అనుభవం

2024 నవంబరు 16, శనివారం మధ్యాహ్నం నా టాక్ అయిపోయింది. 25 నిమిషాల సమయం, 34 స్లైడ్లు, ఎదురుగా సుమారు 140 మంది. విషయం రిట్రైలు. ఒక సర్వర్ జవాబివ్వనప్పుడు దాన్ని పిలిచిన ప్రోగ్రాములు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడం వల్ల చిన్న ఇబ్బంది కాస్తా గంటల తరబడి లేవలేని పరిస్థితిగా ఎలా మారుతుందో చెప్పాను. మా టీమ్ స్వయంగా పడ్డ కష్టమే కాబట్టి మనసుపెట్టి చెప్పాను. చప్పట్లు పడ్డాయి, చివర్లో మూడు మంచి ప్రశ్నలొచ్చాయి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చాను.

నవంబరు 20న నిర్వాహకులు మెయిల్ పెట్టారు. టాక్‌ని వ్యాసంగా రాసిస్తే రికార్డింగ్ పక్కనే పెడతామని, డిసెంబరు 15 లోపు కావాలని. స్లైడ్లు చేతిలో ఉన్నాయి, చెప్పిందంతా ఇంకా నోట్లోనే ఉంది, శని ఆదివారాల్లో అయిపోతుందనుకుని ఒప్పుకున్నాను. ఆ వ్యాసం బయటికొచ్చింది డిసెంబరు 27న. మొత్తం 30 గంటలు పట్టింది. స్లైడ్లు తయారుచేయడానికి కూడా నాకు అంత పట్టలేదు. ఆ సమయమంతా ఎక్కడికి పోయిందో వరసగా చెప్తాను.

23, 24 తేదీల్లో కూర్చుని మొదటి డ్రాఫ్ట్ రాశాను. పద్ధతి సులువు. స్లైడ్ పేరు శీర్షిక, దాని కింద బుల్లెట్లన్నీ ఒక పేరా. బుల్లెట్లలో క్రియలుండవు కాబట్టి ప్రతిదానికీ చివర ఒక క్రియ తగిలించాను. "లోడ్ తగ్గుదల" అన్నది "లోడ్ తగ్గుతుంది" అయింది. "జిట్టర్ తప్పనిసరి" అన్నది "జిట్టర్ తప్పనిసరిగా పెట్టాలి" అయింది. ఆరు గంటల్లో 1,100 పదాలు తేలాయి. చదివి చూసుకుంటే ఎక్కడా తడబాటు లేదు. నా మటుకు నాకు అది పూర్తయిన వ్యాసమే. తర్వాత ఎప్పుడో లెక్కపెడితే అందులో "అలాగే" అనే మాట 17 సార్లుంది.

సోమవారం దాన్ని వేరే టీమ్‌లో పనిచేసే ఒక కుర్రాడికి పంపాను. టాక్‌కి రాలేదు కాబట్టే తనకి పంపాను. నాలుగు రోజులు చప్పుడు లేదు. 29వ తేదీ సాయంత్రం డ్రాఫ్ట్ తిరిగొచ్చింది, పక్కన 11 వ్యాఖ్యలతో. వాటిలో తొమ్మిదింటిలో ఉన్నది ఒక్కటే మాట: "ఎందుకు?"

ఫోన్ చేశాను.

"అన్నా, ఒక్కో వాక్యం చదివితే అర్థమవుతోంది. ఈ వాక్యం నుంచి ఆ వాక్యానికి నువ్వెలా వెళ్ళావో మాత్రం తెలియట్లేదు" అన్నాడు.

ఎక్కడో ఒకటి చెప్పమన్నాను.

"సర్వర్ సెకనుకి 1,000 రిక్వెస్టులు చేయగలదన్నావు. రిట్రైల వల్ల 2,400 వస్తాయన్నావు. సరే. అప్పుడు 1,400 పోవాలి, మిగతా వెయ్యికైనా జవాబు రావాలి కదా? సర్వర్ ఇక కోలుకోదని రాశావు. ఎందుకు కోలుకోదు?"

"క్యూ నిండిపోతుంది కదా" అన్నాను.

"నిండితే?"

నాకు వెంటనే జవాబు రాలేదు. ఏడాదిగా దీని గురించే మాట్లాడుతున్నాను. ఆ సర్వర్ లేవకపోవడం కళ్ళారా చూశాను. అయినా "నిండితే" తర్వాత ఏ మాట రావాలో ఆ క్షణంలో నా దగ్గర లేదు. రికార్డింగ్ రానీ, స్టేజి మీద చెప్పే ఉంటాను, చూసి రాస్తానని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

రికార్డింగ్ డిసెంబరు 2న వచ్చింది, టాక్ అయిన 16 రోజులకి. మూడు రోజుల సాయంత్రాలు కూర్చుని 24 నిమిషాల మాటల్నీ కాగితం మీద పెట్టాను. నాలుగు గంటలు పట్టింది. స్లైడ్ మీద ఉన్న మాటని నల్ల సిరాతో, స్లైడ్ మీద లేకుండా నేను నోటితో మాత్రమే చెప్పినదాన్ని ఎర్ర సిరాతో రాశాను. ఈ రెండు రంగుల ఉపాయం చాలా పనికొచ్చింది. స్లైడ్లన్నిటిలో కలిపి ఉన్నవి 410 పదాలు. నేను పలికినవి సుమారు 2,600. పేజీలన్నీ ఎర్రగా కనిపిస్తుంటే, మొదటి డ్రాఫ్ట్‌లో నేనేం వదిలేశానో అర్థమైంది. వాదన అంతా ఆ ఎర్ర సిరాలోనే ఉంది.

ఇక్కడ ఇంకో సంగతి కూడా తెలిసింది. ఎర్ర సిరాలో కొంత భాగాన్ని ఉన్నదున్నట్టు వ్యాసంలోకి తేలేం. "ఇదిగో ఇక్కడ చూడండి" అంటాను, లేజర్ చుక్క ఎక్కడుందో రికార్డింగ్‌లో కనిపించదు. "ఇది పెరుగుతూ పోయి ఇలా అవుతుంది" అంటాను, ఆ "ఇలా" నా చేతి కదలిక. అలాంటి చోట్లు 14 దొరికాయి. ప్రతిదాని దగ్గరా నా చెయ్యి ఆరోజు ఏం చెప్పిందో గుర్తుతెచ్చుకుని మాటల్లో పెట్టాల్సి వచ్చింది. స్లైడ్లని పీడీఎఫ్ చేస్తే 34 కాస్తా 61 పేజీలయ్యాయి, ఒక్కో స్లైడ్‌లో మెట్లుమెట్లుగా వచ్చే యానిమేషన్ల వల్ల. ఆ మెట్లు కూడా వాదనలో భాగమే. ముందు ఒక గీత, తర్వాత దాని మీద రెండో గీత వచ్చినప్పుడు జనం పోల్చి చూశారు. చివరి పేజీ ఒక్కటే బొమ్మగా పెడితే రెండు గీతలూ ఒకేసారి మీద పడతాయి, దేన్ని ముందు చూడాలో తెలియదు.

అయితే నేను అసలు వెతుకుతున్నది 19వ స్లైడ్ గురించి. అందులో ఉన్నదంతా ఇదీ:

రిట్రైలు ప్రమాదకరం
3 ప్రయత్నాలు → 3 రెట్ల లోడ్
→ సర్వర్ కోలుకోదు
ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ → లోడ్ తగ్గుదల
జిట్టర్ తప్పనిసరి

రికార్డింగ్‌లో ఈ స్లైడ్ ఒకటిన్నర నిమిషం నడిచింది. రెండో బాణం దగ్గరికి వచ్చేసరికి నేనన్న మాటలు ఇవి: "సో, అప్పుడేమవుతుందంటే... మీలో ఆన్‌కాల్ చేసినవాళ్ళకి తెలిసిందే... సర్వర్ ఇంక లేవదు." ముందు వరసలో కొందరు తలలూపడం కనిపిస్తోంది. అంతే. స్టేజి మీద చెప్పే ఉంటానని నేను నమ్ముకున్న కారణాన్ని స్టేజి మీద కూడా చెప్పలేదు. ఆ ఖాళీని నా గొంతు నింపింది, వాళ్ళ అనుభవం నింపింది. ఆ భాగాన్ని ఐదారుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. కాగితం మీద దానికి ఎర్ర సిరా కూడా లేదు.

డిసెంబరు 7, శనివారం పొద్దున్నే 34 స్లైడ్ల బుల్లెట్లనీ పెద్ద ఖాళీలు వదిలి ప్రింట్ తీసుకున్నాను. రెండు బుల్లెట్ల మధ్య ఉన్న ప్రతి ఖాళీలో ఒక్క మాట రాయాలని నియమం పెట్టుకున్నాను: కాబట్టి, కానీ, ఎందుకంటే, అయినా, అప్పుడు మాత్రమే. "అలాగే" నిషేధం. ఏ మాటా కుదరకపోతే ఆ రెండు బుల్లెట్లూ అసలు పక్కపక్కన ఉండాల్సినవి కావన్నట్టు. అలా నాలుగు చోట్ల బుల్లెట్లని వేరే విభాగాలకి పంపేశాను, రెండింటిని పూర్తిగా కొట్టేశాను.

ఎక్కువ కష్టపెట్టినవి బాణాలు. స్లైడ్‌లో బాణం గీయడం ఎంత సులువో తెలుగు వాక్యంలో దాన్ని రాయడం అంత కష్టం. "ప్రయత్నిస్తే" అని రాస్తే అది షరతు. "ప్రయత్నించడం వల్ల" అంటే కారణం. "ప్రయత్నించాక" అంటే వరస మాత్రమే, ఒకటి ఇంకోదానికి కారణమని కాదు. "ప్రయత్నించినా" అంటే ఆశించింది జరగలేదని. క్రియకి ఏదో ఒక ప్రత్యయం పెట్టకుండా వాక్యం ముందుకు నడవదు, ఆ ప్రత్యయం పెట్టాలంటే సంబంధం ఏమిటో నాకు తెలిసి ఉండాలి. మొదటి డ్రాఫ్ట్‌లో నేను ప్రతి బుల్లెట్‌నీ విడి వాక్యంగా ముగించేశాను కాబట్టే ఈ తేల్చుకోవాల్సిన పని తప్పిపోయింది.

19వ స్లైడ్‌లో మొదటి బాణం: 3 ప్రయత్నాలు → 3 రెట్ల లోడ్. "మూడుసార్లు ప్రయత్నించడం వల్ల లోడ్ మూడు రెట్లవుతుంది" అని రాశాను. రాయగానే తప్పని కనిపించింది. మామూలు రోజున నూటికి ఒక రిక్వెస్టు విఫలమైతే, రిట్రై చేసేది ఆ ఒక్కదాన్నే. అదనపు లోడ్ ఒక శాతం పైచిలుకు, అంతే. మూడు రెట్లయ్యేది అన్నీ విఫలమైతేనే. అంటే అక్కడ ఉండాల్సింది "వల్ల" కాదు, "అయితేనే". ఇది చిన్న సవరణలా కనిపిస్తుంది గానీ, దీన్ని సరిగ్గా రాశాకే వ్యాసంలోకి ఇంకో ముఖ్యమైన మాట వచ్చింది: మామూలు రోజుల్లో రిట్రైల ఖర్చు కంటికి ఆనదు, అందుకే వాటిని ఎవరూ అనుమానించరు. సర్వర్ పడిపోయిన రోజే, దానికి బలం లేని ఆ క్షణంలోనే, బరువు మూడింతలవుతుంది. టాక్‌లో ఈ మాట ఎక్కడా లేదు.

రెండో బాణం ఆ కుర్రాడు అడిగిన ప్రశ్న. దీనికి మధ్యాహ్నం మొత్తం పట్టింది. పెన్నుతో లెక్క వేస్తే తప్ప తెగలేదు. ఆ లెక్కే తర్వాత వ్యాసంలో పెట్టాను.

సర్వర్ సామర్థ్యం సెకనుకి 1,000 రిక్వెస్టులు. మామూలుగా వచ్చేవి 800. ముందు క్యూ ఉంది, దానిలో 5,000 పడతాయి, నిండితే కొత్తగా వచ్చినవాటిని అక్కడే తిప్పి పంపేస్తుంది. ముందొచ్చినదానికి ముందు జవాబు. పిలిచిన ప్రోగ్రాము 2 సెకన్లు చూస్తుంది, రాకపోతే వదిలేస్తుంది. ఇప్పుడు ఏదో కారణంతో సర్వర్ కొన్ని సెకన్లు ఆగిందనుకుందాం. క్యూ నిండింది. ఆ కారణం పోయింది, సర్వర్ మళ్ళీ సెకనుకి వెయ్యి చొప్పున పని మొదలుపెట్టింది. కానీ ముందు 5,000 ఉన్నాయి కాబట్టి, ఇప్పుడు క్యూ చివర చేరిన రిక్వెస్టుకి వంతు రావాలంటే 5 సెకన్లు పడుతుంది. దాన్ని పంపిన ప్రోగ్రాము 2 సెకన్లకే వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందని సర్వర్‌కి తెలియదు. పూర్తి శక్తితో పనిచేస్తూ, జవాబు కోసం ఎవరూ ఎదురుచూడని రిక్వెస్టులకి జవాబులు తయారుచేస్తూ ఉంటుంది.

రిట్రైలు లేకపోతే ఏమవుతుంది? సెకనుకి 800 వస్తాయి, 1,000 పోతాయి, క్యూ సెకనుకి 200 చొప్పున తగ్గుతుంది. 2 సెకన్ల లోపు వంతు రావాలంటే క్యూలో 2,000 కంటే తక్కువ ఉండాలి. అంటే 3,000 తగ్గాలి, 15 సెకన్లు. ఆ తర్వాత జవాబులు సకాలంలో అందడం మొదలవుతుంది. సర్వర్ లేచినట్టే.

రిట్రైలు ఉంటే? అందరికీ గడువు దాటుతోంది కాబట్టి అందరూ మూడుసార్లు ప్రయత్నిస్తారు. 800 కాస్తా 2,400. వెయ్యి పోతుంటే 2,400 వస్తే క్యూ ఎప్పటికీ తగ్గదు. తగ్గదు కాబట్టి అందరికీ గడువు దాటుతూనే ఉంటుంది. గడువు దాటుతోంది కాబట్టి 2,400 వస్తూనే ఉంటాయి. మొదట సర్వర్‌ని ఆపిన కారణం ఎప్పుడో పోయింది, ఇప్పుడు దాన్ని పడేసి ఉంచుతున్నది ఈ వలయమే. "నిండితే?" అన్న ప్రశ్నకి జవాబు ఇది. ఒక్క బాణంలో ఇంత దాగుంది.

ఆ కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పుడు తెలిసింది అన్నా. వెయ్యి మందికి జవాబు తయారవుతోంది, తీసుకునేవాళ్ళు లేరు" అన్నాడు. ఆ వాక్యం నేను రాసినదానికంటే బాగుంది. తన అనుమతితో వ్యాసంలో అలాగే వాడుకున్నాను.

సాయంత్రం మూడో బాణానికి వచ్చాను: ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ → లోడ్ తగ్గుదల. ఒక్కో ప్రయత్నానికీ మధ్య విరామాన్ని రెట్టింపు చేస్తూ పోవడమే బ్యాకాఫ్. ఇందులో నాకేమీ సందేహం లేదు. చాలామంది చెప్పే మాట, నేనూ చెప్పాను. "విరామం పెంచుతూ పోవడం వల్ల" అని మొదలుపెట్టి, పక్కనే ఇందాకటి లెక్క ఉంది కదా అని దానిలోనే పెట్టి చూశాను. సెకనుకి 800 కొత్త రిక్వెస్టులు. ఒక్కోదానికి మూడు ప్రయత్నాలు. వాటి మధ్య విరామం ఒక సెకను, తర్వాత రెండు సెకన్లు. 2,400కి చేరడం కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది. చేరాక? పాతవాళ్ళు విరామంలో ఉంటే కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు, అంతకుముందు విరామంలో ఉన్నవాళ్ళు ఇప్పుడు మళ్ళీ వస్తున్నారు. ఒక్కోదానికి మూడు ప్రయత్నాలు అన్నది మారలేదు, కాబట్టి సెకనుకి 2,400 అన్నదీ మారదు.

పెన్ను కింద పెట్టేశాను. 140 మంది ముందు నిలబడి తప్పు చెప్పాను. వినయం కోసం అంటున్న మాట కాదిది. వాళ్ళలో ఎవరైనా ఆ స్లైడ్‌ని ఫోటో తీసుకుని, బ్యాకాఫ్ పెట్టేశాం కదా అని ధైర్యంగా ఉంటే, వాళ్ళ సర్వర్ కూడా మాదానిలాగే లేవకుండా పడి ఉంటుంది. ఆ ఆలోచన ఛాతీ మీద రాయిలా కూర్చుంది. వ్యాసం రాయలేనని నిర్వాహకులకి చెప్పేద్దామా అని కూడా అనిపించింది ఆ పూట.

మర్నాడు ఆదివారం. పెన్ను లెక్క మీద నమ్మకం చాలక పైథాన్‌లో చిన్న సిమ్యులేషన్ రాశాను, 60 లైన్లు. సర్వర్‌ని 10 సెకన్లు పూర్తిగా ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. రిట్రైలు లేనప్పుడు కోలుకుంది. రిట్రైలు పెడితే కోలుకోలేదు. బ్యాకాఫ్ పెట్టినా కోలుకోలేదు, ఎంతసేపు నడిపినా. నాలుగు గంటల పని. నా తప్పు ఖాయమైంది. అయినా నిన్నటి బరువు కొంత దిగింది, ఎందుకంటే ఇప్పుడు ఎక్కడ తప్పో, ఎక్కడ ఒప్పో విడదీసి చెప్పగలను.

బ్యాకాఫ్ పనికిరానిదేమీ కాదు. క్లయింట్ల, అంటే సర్వర్‌ని పిలిచే ప్రోగ్రాముల సంఖ్య పరిమితంగా ఉండి, ఒక్కో క్లయింటు తన పని తేలేదాకా తర్వాతి రిక్వెస్టు పంపకుండా ఆగితే, విరామం పెరిగేకొద్దీ మొత్తం వేగం నిజంగానే తగ్గుతుంది. 200 వర్కర్లు ఉన్న బ్యాచ్ పని అలాంటిది. ఇబ్బంది క్షణకాలమే ఉంటే, విరామం ఆ క్షణాన్ని దాటిస్తుంది. జిట్టర్ అంటే విరామానికి కొంత యాదృచ్ఛికత కలపడం, అందరూ ఒకే క్షణాన తిరిగి రాకుండా చెల్లాచెదురు చేస్తుంది. అది శిఖరాల్ని చదును చేస్తుంది, సగటుని తగ్గించదు. కానీ ఎవరెవరో వినియోగదారులు బయటినుంచి ఆగకుండా వస్తుండే మా సర్వర్ లాంటిచోట, విరామం ఎంత పెట్టినా సగటు 2,400 దగ్గరే ఉంటుంది. తగ్గించాల్సింది ప్రయత్నాల వేగాన్ని కాదు, ప్రయత్నాల సంఖ్యని.

దానికి మందు నా స్లైడ్లలోనే ఉంది, 29వ దానిలో, "రిట్రై బడ్జెట్: 10%" అని ఒకే ఒక్క బుల్లెట్‌గా. సమయం చాలక దాన్ని 20 సెకన్లలో దాటేశాను. మొత్తం మొదటి ప్రయత్నాల్లో పదోవంతుకి మించి రిట్రైలు చేయకూడదన్నది దాని అర్థం. ప్రతి కొత్త రిక్వెస్టుకీ పదోవంతు టోకెన్ జమ, ప్రతి రిట్రైకీ ఒక టోకెన్ ఖర్చు:

```python
tokens = 100

def on_request():
    global tokens
    tokens = min(100, tokens + 0.1)

def may_retry():
    global tokens
    if tokens < 1:
        return False
    tokens -= 1
    return True
```

అదే లెక్కలో పెడితే, జమలో ఉన్న టోకెన్లు అయిపోయాక వచ్చేవి 2,400 కాదు, 880. వెయ్యి కంటే తక్కువ కాబట్టి క్యూ సెకనుకి 120 చొప్పున తగ్గుతుంది, 3,000 తగ్గడానికి 25 సెకన్లు. రిట్రైలు లేనప్పటి 15 కంటే కొంచెం ఆలస్యం, కానీ లేస్తుంది. సిమ్యులేషన్‌లోనూ లేచింది. 19వ స్లైడ్‌కీ 29వ స్లైడ్‌కీ మధ్య ఉండాల్సిన "కాబట్టి" ఇన్నాళ్ళకి దొరికింది. టాక్‌లో ఆ రెండింటి మధ్య పది స్లైడ్ల దూరం ఉంది. వ్యాసంలో పక్కపక్కన చేరాయి.

మిగతా వ్యాసం దానంతటదే ఒక దారికొచ్చింది. టాక్‌లో ఆరోజు జరిగింది కథలా చెప్పి, అసలు కారణాన్ని 27వ స్లైడ్ దాకా దాచాను. కూర్చున్నవాళ్ళు లేచిపోరు కాబట్టి అక్కడ దాచడం చెల్లింది. చదివేవాళ్ళకి ఆ ఓపిక అడగకూడదనిపించి, కారణాన్ని రెండో పేరాలోనే చెప్పేసి, ఎలా తెలిసిందో తర్వాత రాశాను. చివర్లో వచ్చిన మూడు ప్రశ్నల్లో రెండింటిని వాటి చోటుకి తెచ్చి వ్యాసంలో కలిపేశాను. ఎవరైనా ఒక ప్రశ్న అడిగారంటే అక్కడ నేను ఒక మెట్టు ఎగ్గొట్టానన్నమాటే కదా. "ఎంతమంది రిట్రై లూప్ రాశారు, చేతులెత్తండి" అన్న భాగాన్ని, ఇంకొకరు గీసిన కార్టూన్‌ని తీసేశాను. ఆ బొమ్మకి టాక్‌లో వాడుకోవడానికే అనుమతి ఉంది, ప్రచురణకి లేదు.

19వ స్లైడ్ గురించి ఏం చేయాలా అని రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. సరిచేసి ఊరుకుంటే వ్యాసం మాత్రమే చదివేవాళ్ళకి సరిపోతుంది. కానీ టాక్ విన్నవాళ్ళు తాము విన్నదీ చదివిందీ ఒకటే అనుకుని దాటిపోవచ్చు. చివరికి ఆ విభాగం మొదట్లోనే రాశాను: "టాక్‌లో బ్యాకాఫ్ వల్ల లోడ్ తగ్గుతుందని చెప్పాను. ఈ రకం సర్వర్‌కి అది తప్పు. ఎందుకో కింద ఉంది." ఇది రాశాక మనసు కుదుటపడింది.

డిసెంబరు 12న ఆఫీసులో అనుమతికి పంపాను. బయట ప్రచురించే ఏదైనా ఒకసారి చూడాలన్నది అక్కడి నియమం. టాక్‌కి అనుమతి తీసుకున్నాను కాబట్టి ఇది లాంఛనమే అనుకున్నాను, రెండు రోజులనుకున్నది 11 రోజులు పట్టింది. కారణం సబబైనదే. స్లైడ్‌లో గ్రాఫ్ 20 సెకన్లు కనిపించి పోతుంది, వ్యాసంలో అది నిలిచి ఉంటుంది, ఎవరైనా పెద్దది చేసి అంకెలు చదవగలరు. అక్షాల మీద అసలు అంకెలు తీసేయమన్నారు, సర్వీసుల పేర్లు మార్చమన్నారు. మామూలు రోజు లోడ్‌ని 1గా పెట్టి, మిగతాదంతా దానికి ఎన్ని రెట్లో చూపిస్తూ రెండు గ్రాఫులూ మళ్ళీ గీశాను. బొమ్మలకి మూడు గంటలు, వాళ్ళడిగిన సవరణలకి నాలుగు గంటలు. ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళు స్లైడ్లకి వచ్చిన అనుమతి వ్యాసానికి చెల్లుతుందో లేదో మొదటిరోజే అడిగి ఉంచుకోండి. గడువు దాటుతోందని నిర్వాహకులకి ముందే రాశాను, వాళ్ళు నెలాఖరు దాకా సమయమిచ్చారు.

అనుమతి 23న వచ్చింది, వ్యాసం 27న బయటికొచ్చింది. మొదటి డ్రాఫ్ట్ 1,100 పదాలు, ఇది 3,200. 19వ స్లైడ్ ఒక్కటే 900 పదాలైంది. 34 స్లైడ్లలో తొమ్మిది స్లైడ్ల విషయం వ్యాసంలో అసలు లేదు. స్లైడ్లు కూడా సరిచేసి పంపాను, పాతవాటి స్థానంలో పెట్టారు. రికార్డింగ్‌ని మార్చలేం కాబట్టి దాని కింద ఒక వాక్యం చేర్చమని అడిగాను, చేర్చారు.

జనవరి 4న ఒక పాఠకురాలు రాశారు. "మా సర్వర్ క్యూలోంచి తీసేటప్పుడే గడువు దాటినవాటిని చూసి పారేస్తుంది. పిలిచినవాళ్ళు వెళ్ళిపోయారని సర్వర్‌కి తెలియదన్న మీ మెట్టు మా దగ్గర లేదు. మరి మేమూ ఇరుక్కుంటామా?" అని. ఆమె సర్వర్ చేసే వెయ్యి పనులూ ఎదురుచూస్తున్నవాళ్ళకే అందుతాయి, కొత్తగా వచ్చేవాళ్ళు 800 మందే, కాబట్టి ఇరుక్కోదు. సిమ్యులేషన్‌లో ఆ ఒక్క లైను మార్చి నడిపాను, కోలుకుంది. ఆ రాత్రే ఆమెకి జవాబు రాసి, క్యూ గురించిన పేరా కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చాను.